బొమ్మలోని మెట్లు ఎక్కి చూడండి: కృత్రిమ మేధ గీసిన గదుల్లో తప్పులు పట్టే పద్ధతి

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు పక్కన ఒక డూప్లెక్స్ ఫ్లాటు. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన దంపతులది. తాళాలు చేతికొచ్చిన వారానికే మా వర్క్‌షాపుకు వచ్చి, ఫోనులో ఒక హాలు బొమ్మ చూపించారు. బూడిద రంగు సోఫా, టేకు టీపాయ్, గోడకు టీవీ యూనిట్, వెనక పై అంతస్తుకు ఎక్కే చెక్క మెట్లు, దూరంగా భోజనాల బల్ల, దాని మీద వేలాడే దీపాలు. "ఇది ఇలాగే కావాలండీ, ఎంతవుతుంది?" అని అడిగారు. కొటేషన్లు రాసేది నేనే కాబట్టి నోట్‌బుక్ తెరిచాను. మా వడ్రంగి మేస్త్రి ఫోను తన చేతిలోకి తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి, కాసేపు చూసి అడిగాడు: "అన్నా, ఈ మెట్లెక్కి ఎక్కడికి వెళ్లాలి?"

పైన మెట్లు ముగిసే చోట గాజు రెయిలింగు ఎక్కడా తెగకుండా అడ్డంగా సాగిపోయింది. ఎక్కినవాడు రెయిలింగు దూకితే తప్ప పై అంతస్తులో కాలు పెట్టలేడు. నేను ఆ బొమ్మను నాలుగుసార్లు చూశాను, నాకు కనబడలేదు. మేస్త్రికి కనబడటానికి కారణం ఉంది. అతను బొమ్మను చూడలేదు, ఆ మెట్లు ఎక్కాడు. ఇక్కడ చెప్పబోయే పద్ధతంతా ఆ పని గురించే. ఆ హాలు బొమ్మనే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం.

బొమ్మ ఎలా పుట్టిందో ముందు అడగండి

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన బొమ్మతో పని మొదలుపెట్టకండి. అది నలిగి వస్తుంది. కుర్చీ కాళ్లు, రెయిలింగు కడ్డీలు, దీపాల తీగలు లాంటి సన్నని వాటి అంచులు ముందుగా చెదురుతాయి. మనం పరీక్షించాల్సినవి సరిగ్గా అవే. డాక్యుమెంటుగా పంపమని అడిగితే అసలు ఫైలు వస్తుంది. దాని వెడల్పు, ఎత్తు ఎన్ని పిక్సెళ్లో రాసుకోండి. మన బొమ్మది 1344 వెడల్పు, 768 ఎత్తు.

తర్వాత ఒక ప్రశ్న అడగాలి. ఇది మాటలు టైపు చేసి గీయించిందా, లేక మీ ఖాళీ హాలు ఫొటో ఇచ్చి దాని మీద గీయించిందా? మొదటి రకంలో గది అంతా కల్పితం. రెండో రకంలో గది నిజం, సామాను కల్పితం అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండో రకమైతే ఆ ఖాళీ హాలు ఫొటో కూడా తప్పకుండా తీసుకోండి.

ఈ తప్పులు ఎందుకు వస్తాయో కొంచెం తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇంటీరియర్ డిజైనర్ కంప్యూటరులో ముందు గదిని కడతాడు. నేల, గోడ, బల్ల అన్నిటికీ కొలతలు ఉంటాయి. ఆ తర్వాతే దాన్ని బొమ్మగా మారుస్తాడు. బొమ్మలు గీసే కృత్రిమ మేధ నమూనాలు సాధారణంగా గదిని కట్టవు. చిందరవందర చుక్కల నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా ఆ చిందరవందర తీసేస్తూ, తాము చూసిన కోట్ల బొమ్మల్లో ఇలాంటి చోట ఏముంటుందో అది నింపుతూ పోతాయి. టీపాయ్ పక్కన టీపాయ్ లాంటి కాలు వస్తుంది. ఆ కాలు నేలను తాకి తీరాలన్న నియమం వాటికి ఎవరూ రాసి పెట్టలేదు. పైగా స్టేబుల్ డిఫ్యూజన్ అనే నమూనా మొదటి రకాలు 512 పిక్సెళ్ల బొమ్మను లోపల 64 గళ్ల వెడల్పు, 64 గళ్ల ఎత్తు ఉన్న చిన్న పట్టికగా కుదించి పని చేసేవి. అంటే ఒక్కో గడి వెడల్పు ఎనిమిది పిక్సెళ్లు. ఆరు పిక్సెళ్ల వెడల్పున్న కుర్చీ కాలు ఒక గడిని కూడా నింపదు. కొత్త నమూనాలు చాలా మెరుగయ్యాయి. అయినా తప్పులు వెతకాల్సింది ఇప్పటికీ రెండు చోట్లే: సన్నని వస్తువుల దగ్గర, ఒక వస్తువు వెనక మరొకటి దూరి అవతల బయటికి వచ్చే చోట.

చూడటం మొదలుపెట్టే ముందు బొమ్మను అడ్డంగా తిప్పండి, ఎడమ కుడి అయ్యేలా. ఫోను గ్యాలరీలోనే ఆ సౌకర్యం ఉంటుంది. ఒకసారి నచ్చిన బొమ్మలోని తప్పును కన్ను సర్దుకుంటుంది. తిప్పితే అది కొత్త గది అవుతుంది. చిత్రకారులు తమ బొమ్మను అద్దంలో చూసుకునేది ఇందుకే.

నేల నుంచి మొదలుపెట్టండి

బొమ్మ చూడగానే కన్ను దీపం మీదికో సోఫా మీదికో పోతుంది. దాన్ని బలవంతంగా కిందికి దించాలి. నేలను తాకాల్సిన ప్రతి వస్తువు దగ్గరకూ వెళ్లి, దీని బరువు ఎక్కడికి దిగుతోంది అని అడగండి. సోఫా బరువు కాళ్ల మీదికి, కాళ్ల నుంచి నేల మీదికి దిగాలి. టీవీ యూనిట్ నేలను తాకకపోతే దాని బరువు గోడలోకి వెళ్లాలి. దీపం బరువు తీగ ద్వారా సీలింగులోకి వెళ్లాలి. ఈ దారి ఎక్కడ తెగితే అక్కడ వస్తువు గాలిలో తేలుతోంది.

మన బొమ్మలో టీపాయ్‌ని చూద్దాం. నాలుగు కాళ్లు. బొమ్మను నాలుగింతలు పెద్దది చేసి ఒక్కో కాలి చివరకు వెళ్లాను. ముందున్న రెండు కాళ్లు తివాచీలో దిగాయి. కాలు, తివాచీ కలిసే చోట సన్నని, బాగా నల్లని గీత ఉంది. వస్తువు నేలను నిజంగా తాకితే ఆ సందులోకి వెలుతురు దూరదు కాబట్టి ఆ గీత వస్తుంది. వెనక కుడి కాలికీ ఆ గీత ఉంది. వెనక ఎడమ కాలికి లేదు. కాలి చివర మెత్తగా ముగిసింది. దాని నీడ మాత్రం కొంచెం కిందుగా, విడిగా పడి ఉంది. ఆ రెండింటి మధ్య నుంచి టైళ్ల మధ్య గీత ఒకటి తెగకుండా సాగిపోయింది. కాలికీ దాని నీడకూ మధ్య నేల కనబడుతోందంటే ఆ కాలు నేల మీద లేదు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

నల్ల గీత కనబడకపోయినంత మాత్రాన తేలుతోందని తీర్పు చెప్పకండి. తెల్లని తివాచీ మీద తెల్ల కాళ్లుంటే, ఎండ నేరుగా పడుతుంటే, నిజమైన ఫొటోలో కూడా ఆ గీత చెరిగిపోతుంది. అలాంటప్పుడు రెండో పరీక్ష చేయండి. ముందు రెండు కాళ్ల చివరలను కలుపుతూ ఒక గీత, వెనక రెండింటినీ కలుపుతూ ఒక గీత గీయండి. టీపాయ్ పై పలక ముందు అంచు, వెనక అంచు ఎటు వాలుతున్నాయో ఈ గీతలూ దాదాపు అటే వాలాలి. మన టీపాయ్‌లో ముందు గీత పలక అంచుకు సరిపోయింది. వెనక గీత ఎడమవైపు పైకి లేచింది. రెండు పరీక్షలూ ఒకే కాలిని వేలెత్తి చూపాయి.

నిజంగానే గోడకు బిగించి నేలకు తాకకుండా చేసే సామాను ఈ రోజుల్లో చాలా ఎక్కువ. వాష్ బేసిన్ కింది అరలు, మంచం పక్క పెట్టెలు, టీవీ యూనిట్లు అన్నీ అలాగే చేయమంటున్నారు. అవి తప్పులు కావు. వాటి విషయంలో గోడను చూడాలి. యూనిట్ వెనక అంచు గోడకు ఆనిందా? ఆనితే అక్కడ పొడవునా ఒకే మందం నీడ ఉంటుంది. అసలు అక్కడ బిగించడానికి గోడ ఉందా? రెండేళ్ల క్రితం ఇలాంటి బొమ్మ చూసి తొమ్మిది అడుగుల టీవీ యూనిట్‌కు నేను కొటేషన్ ఇచ్చాను. అందులో మూడు అడుగుల మేర యూనిట్ వెనక ఉన్నది గోడ కాదు, బాల్కనీ గాజు తలుపు. బొమ్మలో పరదా అంచు యూనిట్ వెనక్కి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. నేను గమనించలేదు. ఆ తేడా డబ్బు నా జేబులోంచే పోయింది.

మెట్లు: లెక్కించండి, కొలవండి, ఎక్కండి

మెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. టీపాయ్ కాలు తప్పయితే బొమ్మలోనే తప్పు. మెట్లు తప్పయితే ఆ బొమ్మలో మిగతా సామాను పెట్టిన స్థలమంతా అబద్ధం అవుతుంది.

మొదటి మెట్టు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే ఎక్కండి. ప్రతి మెట్టుకూ రెండు భాగాలు కనబడాలి: కాలు పెట్టే పలక, పై మెట్టుకు లేచే ఎత్తు. కింది నుంచి చూసే కోణంలో పలకలు పైకి పోయే కొద్దీ సన్నబడి, కంటి ఎత్తు దాటాక కనబడకుండా పోతాయి, అది సహజం. కంటి ఎత్తుకు పైనున్న మెట్టు పలక పై భాగం కనబడితే అది తప్పు. ఎత్తు మాత్రం అన్ని మెట్లకూ ఒకే వరుసలో ఉండాలి. గీసిన బొమ్మల్లో తరచుగా మధ్యలో ఒక మెట్టు రెండుగా చీలుతుంది, లేదా ఒక పక్క ఏడు మెట్లు లెక్కకొస్తే రెండో పక్క ఎనిమిది వస్తాయి. అందుకే రెండు పక్కలా వేరువేరుగా లెక్కించండి. మన బొమ్మలో రెండు పక్కలా తొమ్మిదే వచ్చాయి. ఆ పరీక్ష నెగ్గింది.

ఇప్పుడు కొలత. అందుకు బొమ్మలోనే ఒక స్కేలు కావాలి. మామూలు తలుపు ఏడు అడుగులు, అంటే 84 అంగుళాలు. మన బొమ్మలో మెట్ల పక్కనే, అదే గోడకు, పడకగది తలుపు ఉంది. దాని ఎత్తు 280 పిక్సెళ్లు. అంటే ఒక అంగుళానికి మూడు పిక్సెళ్ల కన్నా కొంచెం ఎక్కువ. తలుపు, మెట్లు మన నుంచి దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి, మెట్లు గోడ వెంబడి పక్కకు ఎక్కుతున్నాయి. కాబట్టే ఈ స్కేలు పనికొస్తుంది. మెట్లు మన వైపుకో లోపలికో సాగుతుంటే ఇలా కొలవకండి, దూరం మారిన కొద్దీ స్కేలు మారిపోతుంది.

ఒక్కో మెట్టు ఎత్తు 40 పిక్సెళ్లు ఉంది. అంటే 12 అంగుళాలు, ఒక అడుగు. ఇంట్లో మెట్టు ఎత్తు ఏడు, ఏడున్నర అంగుళాలకు మించితే మోకాళ్లు చెబుతాయి. మన జాతీయ భవన నిర్మాణ కోడ్ నివాసాలకు పెట్టిన గరిష్ఠ ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఏడున్నర అంగుళాలే. పలక వెడల్పు 30 పిక్సెళ్లు, తొమ్మిది అంగుళాలు. కోడ్ అడిగే కనీస వెడల్పు 250 మిల్లీమీటర్లు, దాదాపు పది అంగుళాలు. ఈ మెట్ల మీద మనిషి ఎక్కడు, పాకుతాడు.

ఈ లెక్క వేసేది తప్పు ఎంచడానికి కాదు, స్థలం సంగతి తేల్చడానికి. ఆ ఫ్లాటులో కింది నేల నుంచి పై నేలకు పది అడుగులు, 120 అంగుళాలు. బొమ్మలో తొమ్మిది మెట్లు, పదో అడుగు పై అంతస్తు. పదింటిని పన్నెండుతో గుణిస్తే 120. అంటే ఎత్తు లెక్క సరిపోయినట్టే కనబడి మనల్ని మోసం చేస్తుంది. నిజంగా కట్టాలంటే ఏడున్నర అంగుళాల చొప్పున 16 ఎత్తులు, వాటి మధ్య 15 పలకలు కావాలి. పది అంగుళాల చొప్పున 15 పలకలకు 150 అంగుళాలు, పన్నెండున్నర అడుగుల పొడవు. బొమ్మలో తొమ్మిది పలకలు 81 అంగుళాలు మాత్రమే తిన్నాయి. తేడా ఐదు అడుగుల తొమ్మిది అంగుళాలు. బొమ్మలో ఆ ఐదు అడుగుల తొమ్మిది అంగుళాల్లో ఏముంది? భోజనాల బల్ల. హాలు అంత విశాలంగా కనబడటానికి కారణం అదే, మెట్లను సగానికి నొక్కేశారు.

ఇక పైకి చేరాక. మేస్త్రి పట్టుకున్నది ఇక్కడే. చివరి మెట్టు దగ్గర మూడు విషయాలు ఉండాలి: కాలు పెట్టడానికి పై అంతస్తు నేల, రెయిలింగులో మనిషి దూరేంత ఖాళీ, ఆ ఖాళీ నుంచి ముందుకు నడవడానికి దారి. మెట్లు గోడను గుద్దుకుని ఆగిపోవచ్చు, కిటికీ ముందు ముగియవచ్చు, సీలింగులోకి దూరిపోవచ్చు. వాటిని ఎవరైనా పడతారు. తెగని రెయిలింగు అలా కాదు. అక్కడ మెట్లూ బాగున్నాయి, రెయిలింగూ బాగుంది, ఆ రెండూ కలిసే చోటే బాగాలేదు.

రెండంతస్తుల ఎత్తున్న డబుల్ హైట్ హాలు కాకుండా మామూలు సీలింగు ఉంటే ఇంకొకటి చూడాలి. ఎక్కేవాడి తలకు పైన శ్లాబులో రంధ్రం ఉండాలి కదా. పది అడుగుల అంతస్తు, ఆరు అంగుళాల శ్లాబు అనుకుంటే శ్లాబు అడుగు భాగం 114 అంగుళాల ఎత్తులో ఉంటుంది. తలకు ఏడు అడుగులు వదలాలంటే నాలుగో మెట్టు, అంటే 30 అంగుళాలు, చేరేసరికే పైన శ్లాబు తెరిచి ఉండాలి. గీసిన బొమ్మల్లో చాలాసార్లు సీలింగు నునుపుగా చివరి మెట్టు దాకా సాగిపోతుంది. వేలితో మెట్లు ఎక్కుతూ రెండో వేలు తల ఎత్తులో పెట్టి నడిపిస్తే ఎక్కడ గుద్దుకుంటుందో ఇట్టే తెలుస్తుంది.

చెక్క పలకలు మాత్రమే గోడలోంచి పొడుచుకువచ్చిన మెట్లు చూసి కంగారు పడకండి. గోడలో ఉక్కు చట్రం దాచి అలా నిజంగానే కడతారు. మధ్యలో ఒకే ఇనుప దూలం మీద పలకలు నిలిపేవీ ఉన్నాయి. పలకలు ఒక పక్కనైనా దేనినో పట్టుకున్నాయా అన్నదే ప్రశ్న.

రెండేసి ఉన్నవాటిని లెక్కపెట్టండి

బొమ్మలో వస్తువులు రెట్టింపయ్యే జబ్బుకు ఒక కారణం బొమ్మ ఆకారమే. 512 పిక్సెళ్ల చతురస్రాల మీద నేర్చుకున్న పాత నమూనాను దానికి రెట్టింపు వెడల్పు బొమ్మ గీయమంటే, ఒక గదికి బదులు పక్కపక్కన రెండు గదుల సామాను పెట్టేది. రెండు సోఫాలు, రెండు టీవీలు. ఇప్పటి నమూనాల్లో అది అరుదు, కానీ బాగా పొడవాటి బొమ్మ చూసినప్పుడు ఆ అనుమానం మనసులో ఉంచుకోండి.

గదిలో జంటగా ఉండే వస్తువులు సహజంగానే ఎన్నో. మంచానికి అటూ ఇటూ దీపాలు, సోఫా మీద దిండ్లు. అందుకని జంట కనబడితే తప్పు అనుకోకండి. ఇంట్లో ఒక్కటే ఉండాల్సిన వాటిని వెతకండి. ఒకే హాలులో రెండు టీవీలు, ఒకే గట్టు మీద రెండు గ్యాస్ పొయ్యిలు, ఒకే గోడకు రెండు పూజా మందిరాలు, రెక్కలు గుద్దుకునేంత దగ్గరలో రెండు ఫ్యాన్లు. మన బొమ్మలో స్విచ్ బోర్డులు చూడండి: పడకగది తలుపు పక్కన ఒకే ఎత్తులో, జానెడు దూరంలో రెండు. ఇది చిన్న తప్పు, కానీ అలాగే కట్టమంటే ఎలక్ట్రీషియన్ రెండు చోట్ల గోడ చెక్కుతాడు.

భోజనాల బల్ల దగ్గర ఒక్కో భాగాన్ని విడివిడిగా లెక్కపెట్టాలి. కుర్చీలు ఎన్ని అని చూడకండి, వీపులు ఎన్ని, కూర్చునే పలకలు ఎన్ని, కాళ్లు ఎన్ని అని మూడు లెక్కలు వేయండి. ఒకదాని వెనక ఒకటి దాగితే కొన్ని కనబడకపోవచ్చు, అంటే కాళ్లు తక్కువగా ఉండవచ్చు. ఎక్కువగా ఉండటానికి వీల్లేదు. మన బొమ్మలో వీపులు ఆరు, పలకలు నాలుగు. రెండు వీపులు బల్ల అంచులోంచి మొలిచినట్టు నిలబడ్డాయి. దీపాలు మూడు, సీలింగు నుంచి దిగిన తీగలు రెండు. మధ్య దీపానికి పైన ఏమీ లేదు.

ఒక తేడా గుర్తుంచుకోండి. ఫొటోలో ఒక వస్తువును ఎవరైనా చేత్తో అతికించి రెండు చేస్తే ఆ రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి, చెక్క గీతలతో సహా. నమూనా రెట్టింపు చేసిన వస్తువులు అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకేలా ఉండవు. ఒక కుర్చీ వీపుకు ఐదు కడ్డీలుంటే పక్కదానికి ఆరు ఉంటాయి.

కంటి ఎత్తు గీత

ఇది కొంచెం ఓపిక అడిగే పరీక్ష. నేల టైళ్ల గీతల్లో లోపలికి సాగేవాటిని రెండు మూడింటిని పట్టుకుని ముందుకు పొడిగించండి. అవి ఒక చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క గుండా అడ్డంగా గీసే గీత, ఫొటో తీసేవాడి కంటి ఎత్తు. గోడల నిలువు గీతలు నిలువుగానే ఉంటే, అంటే కెమెరా పైకో కిందికో వంగకపోతే, ఆ గీతకు ఒక గుణం ఉంది. ఒకే నేల మీద నిలబడ్డ, ఒకే ఎత్తున్న వస్తువులన్నిటినీ, అవి దగ్గరున్నా దూరమున్నా, ఒకే నిష్పత్తిలో కోస్తుంది.

మన బొమ్మలో పడకగది తలుపును ఆ గీత కింది నుంచి 200 పిక్సెళ్ల దగ్గర కోసింది. మొత్తం 280. అంటే ఏడింట ఐదు వంతులు, కంటి ఎత్తు ఐదు అడుగులు. ఇంకా వెనకున్న వంటగది తలుపు ఎత్తు 180 పిక్సెళ్లు. ఏడింట ఐదు వంతుల చొప్పున దాన్ని దాదాపు 129 దగ్గర కోయాలి. బొమ్మలో 90 దగ్గర, సరిగ్గా సగంలో కోసింది. కంటి ఎత్తు ఐదు అడుగులైతే ఆ తలుపు పది అడుగులు. విడిగా చూస్తే రెండు తలుపులూ బాగానే ఉన్నాయి, ఆ రెండూ ఒకే ఇంటివి కావు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖలో నకిలీ చిత్రాల గురించి పరిశోధించే హనీ ఫరీద్ 2022లో డాలీ-2 అనే నమూనా గీసిన బొమ్మలను ఇలా గీతలు, నీడలు, ప్రతిబింబాలతో పరీక్షించి చూపింది ఇలాంటి సంగతే: కన్ను నమ్మే బొమ్మను జ్యామితి నమ్మదు.

గోడకు అద్దం ఉంటే కాసేపు చాలు. అద్దంలో కనబడే వస్తువు గదిలో ఎక్కడుందో చూపించగలరా? మన హాలులో సోఫా ఎదురుగానే అద్దం ఉంది, అందులో సోఫా లేదు, మొక్క ఉంది. ఆ మొక్క గదిలో ఎక్కడా లేదు. కెమెరా వెనక ఉండవచ్చు కాబట్టి మొక్కను క్షమించవచ్చు, సోఫాను క్షమించలేం.

ఖాళీ హాలు ఫొటో పక్కన పెట్టండి

ఆ దంపతులు మాటలు టైపు చేయడమే కాక తమ ఖాళీ హాలు ఫొటో కూడా ఇచ్చారని తర్వాత తెలిసింది. ఇలాంటి బొమ్మల్లో సామాను ఒక్కటే మారిందని అందరూ అనుకుంటారు. నమూనాకు మాత్రం పిల్లరూ ఒకటే, సోఫా ఒకటే. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, కదలనివి మాత్రమే పోల్చండి: పిల్లర్లు, సీలింగు నుంచి దిగే బీములు, కిటికీలు, తలుపులు, విద్యుత్ పాయింట్లు. సర్జాపూర్ హాలులో మెట్ల మూలన తొమ్మిది అంగుళాలు ముందుకు పొడుచుకువచ్చిన పిల్లర్ ఉంది. బొమ్మలో ఆ మూల నునుపుగా ఉంది. టీవీ యూనిట్ మొత్తం ఆ నునుపు మీద సాగింది. ఆ యూనిట్ కట్టాలంటే ముందు పిల్లర్ కొట్టేయాలి, అది ఎవరి వల్లా కాదు.

తప్పులు దొరికాక

దొరికిన తప్పులను మూడు రకాలుగా విడగొట్టాలి. టీపాయ్ కాలు, రెండో స్విచ్ బోర్డు, తీగలేని దీపం లాంటివి బొమ్మలోనే సరిచేయవచ్చు. ఆ భాగం మీద ముసుగు గీసి అంతవరకే మళ్లీ గీయించే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది. ముసుగు కాలి మీద మాత్రమే కాక దాని నీడ మీద కూడా పడేలా గీయండి, లేకపోతే కొత్త కాలికి పాత నీడ మిగులుతుంది. సరిచేశాక నేల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. మా దగ్గర ఒకసారి కాలు సరైంది, దాని పక్కన చెప్పు ఒకటి మొలిచింది.

కుర్చీలు, అద్దం రెండో రకం. వాటిని బొమ్మలో వదిలేసి, ఈ భాగం లెక్కలోకి రాదు అని కొటేషన్‌లో రాసుకోవచ్చు.

మెట్లు, తలుపులు, పిల్లర్ మూడో రకం. వాటిని అతుకు వేసి బాగుచేయలేం. మెట్ల మీద ముసుగు వేసి పదిసార్లు గీయించినా పది రకాల తప్పు మెట్లు వస్తాయి, ఎందుకంటే పన్నెండున్నర అడుగుల పొడవుకు ఆ బొమ్మలో చోటే లేదు. అక్కడ టేపు పట్టుకుని సైట్‌కు వెళ్లి, కొలతలతో గదిని కంప్యూటరులో కట్టి, ఆ కొలతల బొమ్మను ఆధారంగా ఇచ్చి రంగులు, సామాను మాత్రమే గీయించాలి. ఏది ఎంత దూరంలో ఉందో చూపే లోతు పటాన్ని ఆధారంగా తీసుకునే కంట్రోల్‌నెట్ లాంటి పద్ధతులు 2023 నుంచి ఉన్నాయి. అవి గోడలను, మెట్లను చాలావరకు ఉన్నచోటే ఉంచుతాయి. రెయిలింగు కడ్డీల్లాంటి సన్నని వాటిని అప్పుడు కూడా లెక్కపెట్టుకోవాల్సిందే.

తప్పు లేనిచోట తప్పు చూసే ప్రమాదమూ ఉంది. వెడల్పు లెన్సుతో తీసిన నిజమైన ఫొటోలో అంచుల దగ్గర సోఫా సాగినట్టు, గోడలు వంగినట్టు కనబడతాయి. డిజైనర్ తయారుచేసిన త్రీడీ బొమ్మలో కూడా కుర్చీ నేలకు అంగుళం పైన తేలవచ్చు, అతను సరిగ్గా దించలేదంతే. ఆ బొమ్మలో కంటి ఎత్తు గీత మాత్రం తప్పదు, తలుపులన్నీ ఒకే నిష్పత్తిలో తెగుతాయి. కాబట్టి ఒక్క తేలే కుర్చీని చూసి బొమ్మ ఎవరు గీశారో తేల్చకండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు పరీక్షలు ఒకే మాట చెబితే అప్పుడు చెప్పండి.

ఆ దంపతులకు ఇవన్నీ బొమ్మ మీదే ఎర్ర గీతలతో చూపించాం. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "రంగులైనా ఇవే ఉంచవచ్చా?" అని అడిగారు. ఉంచాం. మెట్లు పదహారు ఎత్తులతో వచ్చాయి. రెయిలింగులో మూడు అడుగుల ఖాళీ వదిలాం. భోజనాల బల్ల నలుగురికే సరిపోయింది. దాని మీదికి దీపాలు రెండు చాలన్నారు ఆవిడ, మూడోదానికి తీగ ఎలాగూ లేదు కదా అంటూ.